కార్బ్యురేటర్, ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్: ఇంజిన్‌కు ఇంధనాన్ని కొలిచే రెండు పద్ధతులు - తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

పెట్రోలు ఇంజిన్ సక్రమంగా పనిచేయాలంటే అది పీల్చుకొనే గాలికి తగిన నిష్పత్తిలో ఇంధనం అందాలి. ఈ నిష్పత్తిని కార్బ్యురేటర్ గాలిప్రవాహం కల్పించే పీడనభేదం ద్వారా సాధిస్తుంది. ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్ గాలి ద్రవ్యరాశిని గణించి, ఇంజెక్టర్ తెరచి ఉండే కాలాన్ని నిర్ణయించడం ద్వారా సాధిస్తుంది. ఈ రెండు పద్ధతుల వెనుక ఉన్న భౌతికసూత్రాలను 100 ఘనసెంటీమీటర్ల ఒంటి సిలిండర్ మోటారుసైకిల్ ఇంజిన్‌ను ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం వివరిస్తుంది. విశాఖపట్నం నుండి అరకులోయకు చేసే ప్రయాణంలో ఈ నిష్పత్తి ఎలా మారుతుందో లెక్కగట్టి చూపుతుంది. ఇంజెక్షన్ పద్ధతికి ఉన్న పరిమితులను, వాటిని గుర్తించే విధానాన్ని కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కార్బ్యురేటర్, వెంచురీ, ఇంజెక్టర్, గాలి-ఇంధన నిష్పత్తి, ఆక్సిజన్ సెన్సర్, బీఎస్-6.

1. ఉపోద్ఘాతం

2020 ఏప్రిల్ 1 నుండి భారతదేశంలో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. అంతవరకు సాధారణ మోటారుసైకిళ్ళలో అత్యధికభాగం కార్బ్యురేటర్ మీదనే నడిచేవి. ఆ తేదీ తరువాత తయారైన పెట్రోలు ద్విచక్రవాహనాలు దాదాపు అన్నీ ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్‌కు మారాయి. అంతకుముందు మెకానిక్ చెవితో ఇంజిన్ శబ్దాన్ని వింటూ, స్క్రూడ్రైవరుతో ఒక చిన్న స్క్రూను పావు చుట్టు అటో ఇటో తిప్పి సరిచేసిన పనిని ఇప్పుడు సీటు కింద దాగిన ఒక చిన్న కంప్యూటర్ చేస్తున్నది.

ఈ మార్పును 'పాతది పోయి కొత్తది వచ్చింది' అన్న మాటతో సరిపెట్టడం పరిపాటి. అయితే కార్బ్యురేటర్ నూరేళ్ళకు పైగా నిలిచిన పరికరం. విద్యుత్తుతో గాని, సెన్సర్లతో గాని పని లేకుండా, గాలి పెరిగితే ఇంధనాన్ని పెంచుతూ, తగ్గితే తగ్గిస్తూ వచ్చింది. అటువంటి పరికరం ఏ ఒక్క అవసరాన్ని తీర్చలేక తప్పుకోవలసి వచ్చిందన్నది పరిశీలించదగిన ప్రశ్న. కార్బ్యురేటర్ దేనిని కొలుస్తున్నది, ఇంజెక్షన్ దేనిని కొలుస్తున్నది అన్న భేదంలోనే దీనికి సమాధానం ఉంది.

2. కొలవవలసిన పరిమాణం ఎంత?

పెట్రోలు సంపూర్ణంగా మండడానికి ఒక గ్రాము పెట్రోలుకు సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. దీనిని సమతుల్య నిష్పత్తి అంటారు. ఇంజిన్‌కు నిజంగా అందిన నిష్పత్తిని ఈ సమతుల్య నిష్పత్తితో భాగించగా వచ్చే విలువకు 'లామ్డా' అని పేరు. లామ్డా 1 అయితే మిశ్రమం సమతుల్యంగా ఉన్నట్లు. 1 కంటె తక్కువైతే ఇంధనం ఎక్కువైన 'రిచ్' మిశ్రమం, 1 కంటె ఎక్కువైతే గాలి ఎక్కువైన 'లీన్' మిశ్రమం. ఇక్కడ గమనించవలసిన విషయం, ఈ నిష్పత్తి ఘనపరిమాణాల మధ్య ఉన్నది కాదు, ద్రవ్యరాశుల మధ్య ఉన్నది.

100 ఘనసెంటీమీటర్ల ఇంజిన్‌ను ఉదాహరణగా తీసుకొందాం. ఒక చక్రంలో అది పీల్చే గాలి ద్రవ్యరాశిని ఈ సూత్రంతో గణించవచ్చు.

m = η × p × V / (R × T)

ఇందులో p ఇన్‌టేక్ గొట్టంలోని గాలి పీడనం, V సిలిండర్ ఘనపరిమాణం, T గాలి పరమోష్ణోగ్రత, R గాలికి సంబంధించిన స్థిరాంకం (287). సిలిండర్ తన పూర్తి సామర్థ్యంలో ఎంత భాగం వాస్తవంగా నిండుతుందో తెలిపేది η. థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు పీడనం 100 కిలోపాస్కల్స్, ఉష్ణోగ్రత 310 కెల్విన్, అంటే 37 డిగ్రీలు, η విలువ 0.8 అనుకొంటే గాలి సుమారు 90 మిల్లీగ్రాములు వస్తుంది. దానిని 14.7తో భాగిస్తే కావలసిన పెట్రోలు సుమారు 6.1 మిల్లీగ్రాములు. ఘనపరిమాణంలో ఇది 8 ఘనమిల్లీమీటర్లకు కొద్దిగా ఎక్కువ. ఒక నీటిబొట్టులో ఆరోవంతు అనుకోవచ్చు.

ఇంజిన్ ఖాళీగా తిరుగుతున్నప్పుడు, అంటే ఐడ్లింగ్‌లో, పీడనం 40 కిలోపాస్కల్స్, η విలువ 0.5 అనుకొంటే గాలి సుమారు 22 మిల్లీగ్రాములకు, ఇంధనం 1.5 మిల్లీగ్రాములకు పడిపోతాయి. ఈ నాలుగింతల అంతరంలో ఎక్కడ ఉన్నా, నిమిషానికి 4500 చుట్ల వేగంలో సెకనుకు 37 సార్లు వంతున, ఇంత చిన్న పరిమాణాన్ని తప్పకుండా కొలవడమే రెండు పద్ధతుల ముందున్న పని.

3. కార్బ్యురేటర్: ప్రవాహమే కొలబద్ద

3.1 పీడనభేదం

కార్బ్యురేటర్‌లో గాలి ప్రయాణించే మార్గం మధ్యలో సన్నబడుతుంది. ఈ సన్నని భాగాన్ని వెంచురీ అంటారు. అక్కడ గాలివేగం పెరుగుతుంది. వేగం పెరిగినచోట పీడనం తగ్గుతుంది. కింద ఉన్న ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోలు ఒక నిర్ణీత మట్టంలో నిలిచి ఉంటుంది. దాని పైభాగం బయటి వాతావరణానికి తెరచి ఉంటుంది కాబట్టి అక్కడ వాతావరణ పీడనమే పనిచేస్తుంది. ఈ రెండు పీడనాల భేదం వల్ల పెట్రోలు జెట్ అనే సన్నని రంధ్రం గుండా పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. ఇంజిన్ పెట్రోలును 'పీలుస్తుంది' అన్నది వాడుకమాట. వాస్తవానికి వాతావరణ పీడనమే దానిని పైకి నెడుతున్నది. ఫ్లోట్ చాంబర్ గాలిగొట్టం మూసుకుపోతే కొంతదూరం నడిచిన తరువాత బండి ఆగిపోవడం ఇందుకు చక్కని నిదర్శనం.

3.2 నిష్పత్తి తానై కుదిరే విధానం

వెంచురీలోని పీడనభేదాన్ని Δp అనుకొంటే, గాలి ప్రవాహం, ఇంధన ప్రవాహం రెండూ దాని వర్గమూలానికి అనుపాతంలో ఉంటాయి.

గాలి: m_a = C_a × A_a × √(2 × ρ_a × Δp)
ఇంధనం: m_f = C_f × A_f × √(2 × ρ_f × Δp)

A అంటే మార్గపు వైశాల్యం, ρ అంటే సాంద్రత, C అంటే ఆ మార్గపు ప్రవాహ గుణకం. మొదటిదానిని రెండవదానితో భాగిస్తే Δp రెండువైపులా రద్దయిపోతుంది.

m_a / m_f = (C_a × A_a) / (C_f × A_f) × √(ρ_a / ρ_f)

కార్బ్యురేటర్ ప్రతిభ అంతా ఈ రద్దులోనే ఉంది. గాలి ఎక్కువ వచ్చినా, తక్కువ వచ్చినా నిష్పత్తి మారదు. వెంచురీ వైశాల్యాన్ని, జెట్ వైశాల్యాన్ని ఒకసారి సరిగా ఎంచుకొంటే ఎవరూ కొలవకుండానే, లెక్కించకుండానే నిష్పత్తి నిలిచి ఉంటుంది. అయితే ఇదే సూత్రంలో వర్గమూలం కింద గాలి సాంద్రత మిగిలిపోయింది. కార్బ్యురేటర్ పరాజయానికి బీజం కూడా ఇక్కడే ఉంది.

3.3 ఆదర్శానికి, ఆచరణకు మధ్య

ఆచరణలో మరొక చిక్కు ముందుగానే ఎదురవుతుంది. ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోలు మట్టం, అది బయటికి వచ్చే మూతి కంటె కొన్ని మిల్లీమీటర్లు కిందుగా ఉంచుతారు. లేకపోతే ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు కూడా పెట్రోలు కారిపోతుంది. ఈ ఎత్తు 5 మిల్లీమీటర్లు అనుకొంటే, పెట్రోలు అంత ఎత్తు ఎక్కడానికే సుమారు 36 పాస్కల్స్ పీడనం ఖర్చవుతుంది. వెంచురీలో గాలివేగం సెకనుకు 60 మీటర్లు ఉన్నప్పుడు కలిగే పీడనభేదం సుమారు 2,100 పాస్కల్స్. అందులో 36 లెక్కలోనికి రాదు. కాని గాలివేగం 10 మీటర్లకు పడిపోతే పీడనభేదం 58 పాస్కల్స్ మాత్రమే. అందులో 36 పోగా మిగిలేది 22. వర్గమూలసూత్రం ప్రకారం ఇంధనం రావలసినదానిలో సుమారు 62 శాతమే వస్తుంది. మిశ్రమం విపరీతంగా లీన్ అవుతుంది.

మోటారుసైకిల్ కార్బ్యురేటర్‌లో కనిపించే భాగాలలో చాలావరకు ఈ లోటును పూడ్చడానికి ఏర్పడినవే. స్లైడ్ కిందికి దిగి వెంచురీ వైశాల్యాన్ని తగ్గించి, గాలి తక్కువగా ఉన్నప్పుడు కూడా వేగాన్ని నిలుపుతుంది. స్లైడ్‌కు తగిలించిన మొన సన్నని సూది దానితోపాటు పైకి కిందికి కదులుతూ జెట్ తెరపును మారుస్తుంది. ఐడ్లింగ్ కోసం పైలట్ జెట్ అనే వేరొక మార్గం ఉంటుంది. అది వెంచురీ పీడనభేదం మీద కాక, మూసిన థ్రాటిల్ వెనుక ఏర్పడే బలమైన శూన్యత మీద ఆధారపడుతుంది. మెకానిక్ తిప్పే స్క్రూ ఈ పైలట్ మార్గానికి చెందినది. థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు మిశ్రమాన్ని నిర్ణయించేది మెయిన్ జెట్. అందువల్లనే ఐడ్లింగ్‌లో చక్కగా పలికే ఇంజిన్ ఘాట్‌రోడ్డు మీద తడబడితే ఆ స్క్రూను ఎంత తిప్పినా ప్రయోజనం ఉండదు.

కొలత ఒక సూత్రం నుండి కాక, అనేక మార్గాల అతుకుల నుండి రావడం కార్బ్యురేటర్ స్వభావం. ఒక మార్గం నుండి మరొక మార్గానికి మారే చోటుల్లో మిశ్రమం కొంత అటు ఇటు కావడం తప్పదు. ఇంజిన్ తయారీదారులు దీనిని దృష్టిలో ఉంచుకొని మిశ్రమాన్ని కాస్త రిచ్‌గానే అమర్చేవారు. ఇంధనం కొద్దిగా ఎక్కువైతే ఖర్చు పెరుగుతుంది. తక్కువైతే బండి తడబడుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది.

4. విశాఖపట్నం నుండి అరకులోయకు

సాంద్రత ప్రభావాన్ని ఒక వాస్తవ ప్రయాణంలో పరిశీలించవచ్చు. విశాఖపట్నం సముద్రతీరాన ఉంది. అరకులోయ సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. తీరంలో పీడనం సుమారు 101 కిలోపాస్కల్స్ కాగా, 900 మీటర్ల ఎత్తులో సుమారు 91 కిలోపాస్కల్స్ ఉంటుంది. తీరంలో 30 డిగ్రీలు, అరకులో 24 డిగ్రీలు ఉష్ణోగ్రత ఉన్న రోజును తీసుకొందాం. చల్లదనం సాంద్రతను కొంత పెంచుతుంది కాబట్టి, రెండింటినీ కలిపి లెక్కిస్తే అరకు గాలి సాంద్రత తీరపు గాలి సాంద్రతలో సుమారు 0.916 వంతు.

కార్బ్యురేటర్ సూత్రం ప్రకారం నిష్పత్తి దీని వర్గమూలంతో, అంటే 0.957తో మారుతుంది. తీరంలో 14.0 నిష్పత్తికి అమర్చిన బండి అరకు చేరేసరికి 13.4 వద్ద నడుస్తుంది. గాలిలో పదార్థం తగ్గింది. కాని వెంచురీకి తెలిసేది ఆ గాలి కల్పించే పీడనభేదం మాత్రమే. గాలి ద్రవ్యరాశి ప్రవాహం 8 శాతానికి పైగా తగ్గినా, ఇంధనం 4 శాతం మాత్రమే తగ్గుతుంది. మిగిలిన 4 శాతం అధిక ఇంధనంగా ఇంజిన్‌లోకి వెళుతుంది.

ఈ 4 శాతం భేదాన్ని నడిపే వ్యక్తి సాధారణంగా గుర్తించలేడు. అదే బండి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌కు వెళితే పరిస్థితి మారుతుంది. 15 డిగ్రీల ఉష్ణోగ్రతలో అక్కడి సాంద్రత తీరంలోని సాంద్రతకు సుమారు 0.68 వంతు. వర్గమూలం 0.83. నిష్పత్తి 14.0 నుండి 11.6కు దిగిపోతుంది. పొగగొట్టం నుండి నల్లపొగ, మసిబారిన స్పార్క్‌ప్లగ్, పైకెక్కే కొద్దీ ఉడిగిపోయే శక్తి దీని లక్షణాలు. గాలి తగ్గినందువల్ల తగ్గే శక్తికి ఏ పద్ధతిలోనూ పరిహారం లేదు. కాని దానికితోడు మిశ్రమం చెడడం కార్బ్యురేటర్‌కు ప్రత్యేకమైన నష్టం. కొండప్రాంతాలకు వెళ్ళేవారు చిన్న మెయిన్ జెట్ బిగించుకోవడం ఇందువల్లనే. మైదానానికి తిరిగివచ్చిన తరువాత ఆ జెట్‌ను మార్చకపోతే మిశ్రమం లీన్ అయి ఇంజిన్ వేడెక్కుతుంది.

అరకు ఉదాహరణలోని 4 శాతం నడకకు అడ్డురాకపోయినా, కాలుష్యనియంత్రణ దృష్టితో చూస్తే అది చాలా పెద్దది. బీఎస్-6 ప్రమాణం ప్రకారం ద్విచక్రవాహనం కిలోమీటరుకు 60 మిల్లీగ్రాములకు మించి నైట్రోజన్ ఆక్సైడ్లను వదలకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు, మండని హైడ్రోకార్బన్లకు కూడా పరిమితులున్నాయి. ఈ మూడింటినీ ఏకకాలంలో తగ్గించే సాధనం పొగగొట్టంలో అమర్చే త్రిముఖ ఉత్ప్రేరకం. నైట్రోజన్ ఆక్సైడ్ల నుండి ఆక్సిజన్‌ను తొలగించాలంటే పొగలో అధిక ఆక్సిజన్ ఉండకూడదు. మిగిలిన రెండింటినీ మండించాలంటే ఆక్సిజన్ కావాలి. పరస్పరవిరుద్ధమైన ఈ రెండు పనులు లామ్డా 1కి అత్యంత సమీపంలో, సుమారు ఒక శాతం వెడల్పు గల ఇరుకైన పరిధిలో మాత్రమే కలిసి జరుగుతాయి. ఒక్క ఘాట్‌రోడ్డు ప్రయాణంలోనే 4 శాతం జారిపోయే పరికరం ఆ పరిధిలో నిలవలేదు. కార్బ్యురేటర్ తీర్చలేకపోయిన అవసరం ఇదే.

5. ఇంజెక్షన్: ద్రవ్యరాశి నుండి కాలానికి

5.1 గాలిని గణించడం

ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ కొత్త ఆలోచన కాదు. 1967లో బాష్ సంస్థ డి-జెట్రానిక్ పేరుతో దీనిని ఫోక్స్‌వాగన్ కార్లలో ప్రవేశపెట్టింది. అందులో ఇంధన పరిమాణానికి ప్రధాన ఆధారం ఇన్‌టేక్ గొట్టంలోని పీడనమే. నేటి చిన్న మోటారుసైకిళ్ళ పద్ధతికి కూడా ఆధారం అదే. ఇన్‌టేక్ గొట్టంలో ఒక పీడన సెన్సర్, ఒక ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటాయి. క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్ ఇంజిన్ వేగాన్ని తెలుపుతుంది. థ్రాటిల్ సెన్సర్ యాక్సిలరేటర్ స్థితిని తెలుపుతుంది. రెండవ విభాగంలో పేర్కొన్న సూత్రంలో p, T విలువలు సెన్సర్ల నుండి వస్తాయి. η విలువను తయారీదారు వివిధ వేగాల వద్ద, పీడనాల వద్ద ప్రయోగశాలలో కొలిచి ఒక పట్టికగా ఈసీయూ అనే నియంత్రణ కంప్యూటర్‌లో భద్రపరుస్తాడు.

సాంద్రత ఇప్పుడు వర్గమూలం కింద దాగిన అజ్ఞాతరాశి కాదు. p, T రెండూ నేరుగా సూత్రంలో ఉన్నాయి. అరకులో పీడనం తగ్గితే గణించిన గాలి ద్రవ్యరాశి అదే అనుపాతంలో తగ్గుతుంది, దానితోపాటు ఇంధనం కూడా తగ్గుతుంది. జెట్ మార్చవలసిన అవసరం రాదు.

5.2 ఇంధనాన్ని కాలంగా మార్చడం

ట్యాంకులోని విద్యుత్ పంపు, పీడన నియంత్రకం కలిసి ఇంధనాన్ని సుమారు 3 బార్ల స్థిరపీడనంలో ఉంచుతాయి. ఇంజెక్టర్ ఒక విద్యుదయస్కాంత కవాటం. అది పూర్తిగా తెరుచుకోవడమో, పూర్తిగా మూసుకోవడమో తప్ప మధ్యస్థితి లేదు. పీడనం స్థిరం, రంధ్రం స్థిరం కాబట్టి ఇంధన పరిమాణం తెరచి ఉన్న కాలంపై మాత్రమే ఆధారపడుతుంది. మోటారుసైకిళ్ళలో ఈ ఇంజెక్టర్ సాధారణంగా సిలిండర్‌లోకి నేరుగా కాక, ఇన్‌టేక్ కవాటం వెనుకభాగం వైపు ఇంధనాన్ని చిమ్ముతుంది.

నిమిషానికి 80 గ్రాములు చిమ్మే ఇంజెక్టర్‌ను తీసుకొంటే, అది మిల్లీసెకనుకు 1.33 మిల్లీగ్రాములు ఇస్తుంది. మితవేగంలో పీడనం 60 కిలోపాస్కల్స్, η విలువ 0.75 ఉంటే గాలి సుమారు 50.6 మిల్లీగ్రాములు, ఇంధనం 3.44 మిల్లీగ్రాములు. దీనికి ఇంజెక్టర్ 2.6 మిల్లీసెకన్లు చిమ్మాలి. అయితే విద్యుత్తు అందిన వెంటనే కవాటం తెరుచుకోదు. అయస్కాంతక్షేత్రం ఏర్పడి, సూది లేవడానికి కొంత సమయం పడుతుంది. ఈ జాప్యాన్ని 0.9 మిల్లీసెకనుగా తీసుకొంటే ఈసీయూ పంపవలసిన సంకేతం నిడివి 3.5 మిల్లీసెకన్లు. 4500 చుట్ల వేగంలో ఒక చక్రం 26.7 మిల్లీసెకన్లు సాగుతుంది కాబట్టి వ్యవధి సరిపోతుంది.

5.3 బ్యాటరీ పాత్ర

పై లెక్కలోని జాప్యం స్థిరమైనది కాదు. బ్యాటరీ వోల్టేజి తగ్గితే అయస్కాంతక్షేత్రం నెమ్మదిగా ఏర్పడి జాప్యం పెరుగుతుంది. ఐడ్లింగ్‌లో కావలసిన 1.5 మిల్లీగ్రాములకు చిమ్మే కాలం 1.15 మిల్లీసెకన్లు మాత్రమే. వోల్టేజి పడిపోయి జాప్యం 0.3 మిల్లీసెకను పెరిగిందనుకొందాం. సంకేతం నిడివి మారకపోతే చిమ్మే కాలం 0.85 మిల్లీసెకనుకు తగ్గుతుంది. అంటే ఇంధనంలో నాలుగోవంతు లోపిస్తుంది. అందువల్ల ఈసీయూ ప్రతిక్షణం బ్యాటరీ వోల్టేజిని చూస్తూ దానికి తగిన జాప్యాన్ని కలుపుతుంది. ఈ సవరణకు కూడా హద్దులున్నాయి. బాగా నీరసించిన బ్యాటరీతో పంపు తగిన పీడనం ఇవ్వలేదు, ఈసీయూ సరిగా మేలుకోదు. కార్బ్యురేటర్ బండిని బ్యాటరీ దాదాపు చచ్చినా కిక్‌తో లేవదీయగలిగినవారు ఇంజెక్షన్ బండి విషయంలో విఫలం కావడానికి కారణమిదే.

5.4 ఫలితాన్ని చూసి దిద్దుకోవడం

ఎంత జాగ్రత్తగా గణించినా పట్టికలోని విలువలకు, నడుస్తున్న ఇంజిన్‌కు మధ్య కొంత భేదం మిగులుతుంది. కవాటాలు అరుగుతాయి, ఎయిర్‌ఫిల్టర్ దుమ్ముపడుతుంది. ఈ భేదాన్ని పట్టుకొనేది పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్. మిశ్రమం రిచ్‌గా ఉంటే అది సుమారు 0.8 వోల్టులు, లీన్‌గా ఉంటే సుమారు 0.1 వోల్టు ఇస్తుంది. లామ్డా 1 వద్ద ఒకదాని నుండి మరొకదానికి హఠాత్తుగా మారుతుంది. 'ఎంత' తేడా ఉందో కాక, 'ఏ వైపు' తేడా ఉందో మాత్రమే అది చెప్పగలదు. ఈసీయూకు అది చాలు. లీన్ అని తెలిస్తే ఇంధనాన్ని కొద్దికొద్దిగా పెంచుతుంది. రిచ్ అని తెలియగానే తగ్గించడం మొదలుపెడుతుంది. ఇలా లామ్డా 1కి అటూ ఇటూ ఊగుతూ సగటున ఉత్ప్రేరకానికి కావలసిన ఇరుకు పరిధిలో నిలుస్తుంది.

తన ఫలితాన్ని తాను చూసి దిద్దుకొనే ఈ గుణం కార్బ్యురేటర్‌కు లేదు. రెండు పద్ధతులకూ గల మౌలికభేదం విద్యుత్తు వాడకం కంటె ఇందులోనే ఎక్కువగా ఉంది. అయితే సెన్సర్ సుమారు 300 డిగ్రీలకు వేడెక్కిన తరువాతనే పనిచేస్తుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు శక్తి కోసం కావాలనే రిచ్ మిశ్రమం ఇస్తారు కాబట్టి అప్పుడు కూడా దాని మాట లెక్కలోకి రాదు. ఈ రెండు సందర్భాలలో ఈసీయూ పట్టికనే నమ్ముకొని నడుస్తుంది.

6. ఇంధనమే మారితే

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ-20 ఇంధనం ఈ భేదాన్ని మరొక కోణంలో చూపుతుంది. ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉండడంవల్ల ఈ-20కి సమతుల్య నిష్పత్తి సుమారు 13.5కు తగ్గుతుంది. అంటే అంతే గాలికి సుమారు 9 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. కార్బ్యురేటర్ జెట్ వైశాల్యం మారదు. ఈ-20 సాంద్రత కాస్త ఎక్కువ కావడంవల్ల వచ్చే లాభం ఒక శాతానికి లోపే. ఫలితంగా మిశ్రమం సుమారు 8 శాతం లీన్ వైపు జరుగుతుంది. పెట్రోలుతో 14.0 నిష్పత్తిలో, అంటే 0.95 లామ్డా వద్ద, నడిచిన బండి ఈ-20తో 1.03 వద్ద నడుస్తుంది. కాస్త రిచ్‌గా అమర్చిన పాత బండ్లు దీనిని చాలావరకు తట్టుకొంటాయి. ముందే లీన్‌గా అమర్చినవి ఉదయపు చలిలో మొండికేస్తాయి. ఇంజెక్షన్ బండిలో ఆక్సిజన్ సెన్సర్ ఈ లోటును గుర్తించగా, ఈసీయూ చిమ్మే కాలాన్ని దాదాపు అంతే శాతం పెంచుతుంది. రబ్బరు భాగాలకు, లోహాలకు ఇథనాల్ వల్ల కలిగే హాని వేరే విషయం. దానిని ఏ ఈసీయూ సవరించలేదు.

7. ఇంజెక్షన్ పరిమితి: మరల అదే వర్గమూలం

ఇంజెక్షన్ కార్బ్యురేటర్ సూత్రం నుండి పూర్తిగా విముక్తి పొందలేదు. ఇంజెక్టర్ రంధ్రం గుండా వచ్చే ఇంధనం కూడా పీడనభేదపు వర్గమూలానికే అనుపాతంలో ఉంటుంది. ఆ పీడనం మారదన్న నమ్మకం మీద లెక్క అంతా నిలిచి ఉంది. చిన్న మోటారుసైకిళ్ళలో సాధారణంగా ఇంధన పీడనాన్ని కొలిచే సెన్సర్ ఉండదు. ఈసీయూ దృష్టిలో అది ఎప్పుడూ 3 బార్లే.

పంపు ఫిల్టర్ మూసుకుపోయి పీడనం 3 బార్ల నుండి 2 బార్లకు పడిపోయిందనుకొందాం. ప్రవాహం 2/3 వర్గమూలానికి, అంటే 0.82 వంతుకు తగ్గుతుంది. మితవేగంలో ఆక్సిజన్ సెన్సర్ లీన్ అని చెప్పడంతో ఈసీయూ చిమ్మే కాలాన్ని సుమారు 22 శాతం పెంచి లోటును పూడుస్తుంది. బండి చక్కగానే నడుస్తుంది. ఘాట్‌రోడ్డుపై థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు మాత్రం సెన్సర్ సాయం ఉండదు. నేర్చుకొన్న సవరణను ఈసీయూ ఆ స్థితికి వర్తింపజేయకపోతే మిశ్రమం లీన్ అయి బండి గుంజుకొంటుంది. ఊరిలో బాగుండి ఎక్కుడులో మొరాయించడం ఈ లోపానికి ప్రధాన లక్షణం.

దీనిని మరొక లోపంతో పొరబడే అవకాశం ఉంది. సెన్సర్‌కు ముందు పొగగొట్టం గ్యాస్కెట్ చెడితే బయటిగాలి లోపలికి చొరబడుతుంది. సెన్సర్ ఆ గాలిలోని ఆక్సిజన్‌ను చూసి మిశ్రమం లీన్ అని పొరబడుతుంది. ఈసీయూ ఇంధనాన్ని పెంచుతుంది. స్కానర్‌లో చూస్తే రెండు సందర్భాలలోనూ సవరణ ధనాత్మకంగానే కనిపిస్తుంది. కాని మొదటి సందర్భంలో ఇంజిన్‌కు నిజంగానే ఇంధనం తక్కువైంది, రెండవదానిలో నిజానికి ఎక్కువైంది. గ్యాస్కెట్ చెడిన బండి స్పార్క్‌ప్లగ్ మసిబారి ఉంటుంది, మైలేజి పడిపోతుంది. పీడనం పడిపోయిన బండి ప్లగ్‌ను ఎక్కుడు ఎక్కించిన వెంటనే చూస్తే తెల్లబారి ఉంటుంది. అనుమానం మిగిలితే ఇంధన గొట్టానికి పీడనమాపకం తగిలించి చూడడమే నిర్ణాయకం. ఈ పరీక్ష చేయకుండా స్కానర్ చూపిన 'లీన్' అన్న మాటను పట్టుకొని ఆక్సిజన్ సెన్సర్‌ను మార్చడం వల్ల ఖర్చే తప్ప ఫలితం ఉండదు.

8. ముగింపు

కార్బ్యురేటర్, ఇంజెక్షన్ రెండూ స్థిరమైన రంధ్రం గుండా పీడనభేదం నెట్టే ఇంధనాన్నే ఇంజిన్‌కు అందిస్తాయి. మొదటిదానిలో ఆ పీడనభేదాన్ని గాలి స్వయంగా కల్పిస్తుంది. కాబట్టి కొలత తనంతట తానే జరుగుతుంది. అయితే గాలి సాంద్రత గాని, ఇంధన స్వభావం గాని మారితే ఆ మార్పు దానికి తెలియదు. రెండవదానిలో పీడనం స్థిరంగా ఉంటుంది, గాలి ద్రవ్యరాశిని గణించి కాలాన్ని మారుస్తారు, ఫలితాన్ని పొగలో చూసి దిద్దుతారు. అరకు ప్రయాణంలో కనిపించిన 4 శాతం భేదం నడిపేవారికి పట్టింపు లేనిది. ఒక శాతం పరిధిలోనే పనిచేసే ఉత్ప్రేరకానికి అదే హద్దు దాటిన భేదం. ఇంజెక్షన్ తన పరిసరాలను గమనించినంత శ్రద్ధగా తన ఇంధన పీడనాన్ని గమనించదు. సెన్సర్ చెప్పినదానిని ఇంజిన్‌కు నిజంగా అందినదానితో పోల్చి చూడవలసిన అవసరం కాబట్టి కొత్త పద్ధతిలో కూడా మిగిలే ఉంది.